ఎక్కువసార్లు కనిపించే మాట కాదు, యజమాని వదులుకోలేని మాట

ఊళ్లో చిన్న శిక్షణ కేంద్రం పెట్టాలనుకునే వాళ్లకు ఈ మధ్య అందరూ ఒకే సలహా ఇస్తున్నారు. ఉద్యోగ ప్రకటనలు రెండు మూడు వందలు పోగెయ్యండి, ఏ నైపుణ్యం పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి, జాబితాలో పైన ఉన్నదాన్ని నేర్పండి అంటున్నారు. ఇది వినడానికి శాస్త్రీయంగానే ఉంది. ఊహల మీద కోచింగులు తెరవడం కంటే మేలే కదా అనిపిస్తుంది. కానీ ఈ సలహాను నర్సరీల ఊరు కడియానికి పట్టుకొచ్చి అమలు చేస్తే ఏమవుతుందో చూడండి. కడియపులంకలోనో బుర్రిలంకలోనో ఉన్న ఒక చదువుకున్న కుర్రాడు హార్టికల్చర్, లాండ్‌స్కేప్, గార్డెన్ అనే మాటలతో ప్రకటనలు వెతికి లెక్కపెడితే పైకి తేలేవి ఇంగ్లీషులో మాట్లాడటం, ఎక్సెల్, జట్టును నడిపించగలగడం, డిగ్రీ వంటివే. ఏ రంగంలో వెతికినా తేలేవి ఇంచుమించు ఇవే. ఆ లెక్కను నమ్మితే అతను రాజమండ్రిలో ఇప్పటికే ఉన్న స్పోకెన్ ఇంగ్లీషు, కంప్యూటర్ సెంటర్ల వరుసలో ఇంకొకటి తెరుస్తాడు. చుట్టూ ఉన్న వేల ఎకరాల మొక్కలకూ అతను నేర్పేదానికీ సంబంధమే ఉండదు. పైగా అమీర్‌పేటలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన సంస్థలతో అతను అదే సరుకు అమ్ముతూ పోటీ పడాలి. ప్రకటనలు చదవమనడంలో తప్పు లేదు. మాటలను లెక్కపెట్టడమే చదవడం అనుకోవడం తప్పు.

ఒక మాట ప్రకటనల్లో ఎందుకు పదేపదే వస్తుందో ముందు ఆలోచించాలి. ప్రకటన రాసేది చాలాసార్లు ఆ పని చేయించుకునే సైటు ఇంజనీరు కాదు. ఆఫీసులో నియామకాలు చూసే ఉద్యోగి పాత ప్రకటనను తీసి పేరూ ఊరూ మార్చి పెడతాడు. అర్హతల భాగంలో పనికి కావలసినవాటితో పాటు, వచ్చే దరఖాస్తుల కుప్పను తగ్గించడానికి పెట్టిన అడ్డుకట్టలూ ఉంటాయి. ఈ తేడా ఎంత పెద్దదో అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు 2017లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. అక్కడ ఉత్పత్తి సూపర్‌వైజర్ ఉద్యోగాల ప్రకటనల్లో 67 శాతం డిగ్రీ అడుగుతుంటే, అప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లలో డిగ్రీ ఉన్నది 16 శాతం మందికే. అంటే ఆ పని డిగ్రీ లేకుండానే నడుస్తోంది, ప్రకటన మాత్రం డిగ్రీ అడుగుతోంది. ఆ ప్రకటనల్లో మాటలు లెక్కపెట్టిన మనిషికి కనిపించేది యజమాని కోరికల చిట్టా. పని ఎక్కడ ఆగిపోతోందో అందులో కనిపించదు. శిక్షణ వ్యాపారానికి కావలసింది ఆ రెండోదే, ఎందుకంటే పని ఆగిపోతున్న చోటే ఎవరో ఒకరు డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉంటారు.

అందుకే ప్రకటనను వేరే విధంగా చూడాలని నా వాదన. ప్రకటన అంటే ఒక విఫలమైన వెతుకులాటకు గుర్తు. కడియంలో నర్సరీ రైతుకు మనిషి కావాలంటే ముందు మేస్త్రీకి చెబుతాడు, తరవాత పక్క నర్సరీలో అడుగుతాడు, ఆ తరవాత బంధువుల ఊళ్లో కబురు పెడతాడు. అంటు కట్టేవాళ్లు, సంచులు నింపేవాళ్లు, లోడు ఎత్తేవాళ్లు అంతా ఇలాగే దొరుకుతారు. చట్టం కూడా ఈ వాస్తవాన్ని ఒప్పుకుంది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలపాలని చెప్పిన 1959 నాటి చట్టం, ప్రైవేటు రంగంలోని వ్యవసాయ ఉద్యోగాలను, ఉద్యాన పనులతో సహా, యంత్రాలు నడిపేవాళ్లను మినహాయించి, తన పరిధిలోంచి తప్పించింది. కాబట్టి ఈ రంగంలో ఎవరైనా ప్రకటన ఇచ్చారంటే నోటిమాట పనిచేయలేదనే అర్థం. తెలిసినవాళ్లలో మనిషి దొరక్కపోవడం వల్లే అతను తెలియనివాళ్ల ముందుకు వచ్చాడు. పైగా డబ్బో సమయమో ఖర్చు పెట్టుకుని వచ్చాడు. ఇలాంటి ప్రకటనలు అరుదు కాబట్టే ఒక్కోదాన్ని ఓపికగా చదవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. కడియంలో నియామకాలన్నీ నోటిమాట మీదే జరిగితే కడియం కోసం ప్రకటనలు చదివి ప్రయోజనమేమిటి అని. ప్రశ్న సరైనదే, కానీ అది ప్రకటనలను తప్పు ఊళ్లో వెతకడం వల్ల పుట్టింది. కడియం మొక్క కడియంలో ఉండిపోదు. జాతీయ రహదారి మీద లోడులు కట్టి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఇంకా ఉత్తరాది నగరాలకు పోతుంది. విల్లాల సముదాయాలు, ఐటీ క్యాంపస్‌లు, హోటళ్లు, రోడ్ల మధ్య డివైడర్లు, ఆసుపత్రుల ప్రాంగణాలు దాన్ని తీసుకుంటాయి. మొక్క లారీ దిగిన తరవాత జరిగే పనికి మనుషులు కావాలి. ఆ మనుషుల కోసం లాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లూ, భవనాల నిర్వహణ సంస్థలూ ప్రకటనలు ఇస్తాయి. కడియం నైపుణ్యానికి గిరాకీ చెప్పే కాగితం కడియంలో కాకుండా మొక్క చేరే చోట పుడుతుంది. మన కుర్రాడు చూడవలసింది తన మండలంలోని ఖాళీలను కాదు, తన ఊరి సరుకు కొనేవాళ్ల ఖాళీలను.

అవి చదివే పద్ధతిని ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. హైదరాబాద్ శివార్లలో ఒక లాండ్‌స్కేప్ కాంట్రాక్టరు జూన్ నెలలో సూపర్‌వైజర్ కావాలని ప్రకటన ఇచ్చాడనుకుందాం. నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ చదివి ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి, ఇంగ్లీషు బాగా రావాలి, ఎక్సెల్, ఆటోక్యాడ్ తెలియాలి, డ్రాయింగ్ చూసి మొక్కలు నాటించగలగాలి, రోజువారీ రిపోర్టు పంపాలి, జీతం 22 వేలు. జులై చివర్లో అదే ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి బీఎస్సీ గానీ రెండేళ్ల హార్టికల్చర్ డిప్లొమా గానీ చాలన్నాడు, అనుభవం మూడేళ్లకు దించాడు, ఆటోక్యాడ్ ఊసే లేదు. సెప్టెంబరులో మూడోసారి వచ్చింది. ఏదైనా డిగ్రీ లేదా అనుభవం ఉన్న ఇంటర్ చాలు, తెలుగు, హిందీ వస్తే సరిపోతుంది, వసతి ఇస్తాం, జీతం 26 వేలు. డ్రాయింగ్ చూసి నాటించడం, రోజువారీ రిపోర్టు మాత్రం మూడు ప్రకటనల్లోనూ అలాగే ఉన్నాయి. మాటలు లెక్కపెట్టేవాడు ఈ మూడింటినీ మూడు విడి ప్రకటనలుగా తీసుకుని డిగ్రీకి మూడు, అనుభవానికి మూడు అని మార్కులు వేస్తాడు. వరుసగా చదివినవాడికి మాత్రం యజమాని ఒక్కో మెట్టూ దిగుతూ ఎక్కడ ఆగాడో కనిపిస్తుంది. చదువు వదులుకున్నాడు, అనుభవంలో రెండేళ్లు వదులుకున్నాడు, ఇంగ్లీషు వదులుకున్నాడు, నాలుగు వేలు అదనంగా ఒప్పుకున్నాడు. డ్రాయింగ్ మాత్రం వదులుకోలేదు. నేర్పవలసిన నైపుణ్యం అదీ.

కాబట్టి ప్రకటనలను పోగేసేటప్పుడు నైపుణ్యాల పేర్ల పట్టిక వేసుకోకూడదు, యజమానుల పట్టిక వేసుకోవాలి. ఒక్కో యజమానికి ఒక వరుస. అందులో ప్రకటన తేదీ, పని చోటు, జీతం, చదువు, అనుభవం, పని వివరాల్లోని వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోవాలి. అదే యజమాని మళ్లీ ప్రకటన ఇస్తే కొత్త వరుస వేయకుండా పాతదాని పక్కనే రాయాలి, ఏం మారిందో గుర్తు పెట్టాలి. మొక్కలు నాటే పని వానాకాలంలో ఊపందుకుని ఎండాకాలంలో తగ్గుతుంది కనుక ఒక నెల చూసి ఆపితే లెక్క తప్పుతుంది. కనీసం వానలకు ముందు మొదలుపెట్టి చలికాలం దాకా చూడాలి.

ఇందులో మోసపోయే చోట్లున్నాయి. మొదటిది, వెబ్‌సైట్లు పాత ప్రకటనను తమంతట తామే పైకి తెచ్చి కొత్త తేదీతో చూపించడం. అక్షరం మారకుండా తిరిగొచ్చిన ప్రకటనను కొరతకు గుర్తుగా తీసుకోకూడదు. షరతులు సడలితేనో జీతం పెరిగితేనో ఎవరో కూర్చుని దాన్ని మార్చి రాశారని నమ్మవచ్చు. రెండోది, ఒకే ఖాళీని నలుగురు ఏజెంట్లు నాలుగు పేర్లతో వేయడం. సైటు ఉన్న ప్రాంతం, జీతం, పని వివరాల్లోని వాక్యాలు కలిస్తే అది ఒకటే ఖాళీ. కొన్ని ఏజెన్సీలు ఖాళీ లేకుండానే బయోడేటాలు పోగేసుకోవడానికి ప్రకటన ఇస్తాయి. వాటిలో సైటు పేరు గానీ చేరవలసిన తేదీ గానీ ఉండదు. మూడోది అన్నిటికంటే కష్టమైనది. ఒక యజమాని పదేపదే ప్రకటన ఇస్తున్నాడంటే నైపుణ్యం దొరకక కావచ్చు, అతని దగ్గర ఎవరూ నిలవక కావచ్చు. జీతం ఆలస్యమైనా, సైటు మీద ఉండే చోటు బాగోకపోయినా మనుషులు వెళ్లిపోతారు, ప్రకటన మళ్లీ వస్తుంది. దీన్ని తేల్చుకోవాలంటే పక్క వరుసలు చూడాలి. ఒకే నైపుణ్యం దగ్గర సంబంధం లేని ఐదారుగురు యజమానులు ఇరుక్కుపోయి ఉంటే అది కొరత. ఒక్కడే ఇరుక్కుపోయి ఉంటే అది అతని సమస్య, అతని కోసం కోర్సు పెట్టనక్కర్లేదు.

ఇంతకీ ఆ డ్రాయింగ్ చూసి నాటించడం అనే మాటలో ఏముంది? లాండ్‌స్కేప్ డ్రాయింగుతో పాటు మొక్కల షెడ్యూలు అనే పట్టిక వస్తుంది. డ్రాయింగులోని ఒక్కో గుర్తుకు ఎదురుగా మొక్క శాస్త్రీయ నామం, నాటేటప్పటికి ఉండవలసిన ఎత్తు, గుబురు లేదా మాను చుట్టుకొలత, సంచి సైజు, మొక్కకూ మొక్కకూ మధ్య దూరం, మొత్తం సంఖ్య ఉంటాయి. సూపర్‌వైజర్ ఆ కాగితాన్ని నేల మీదకు దించాలి. ఉదాహరణకు 200 చదరపు మీటర్ల మడిలో నేలను కప్పే మొక్కలు 30 సెంటీమీటర్ల దూరంలో నాటాలని రాసి ఉందనుకోండి. చదరపు పద్ధతిలో నాటితే చదరపు మీటరుకు 11 మొక్కలు పైచిలుకు పడతాయి, మొత్తం సుమారు 2,220. అదే దూరంతో త్రిభుజ పద్ధతిలో, అంటే ఒక వరుస మొక్కలు పక్క వరుస ఖాళీలకు ఎదురుగా వచ్చేలా నాటితే, చదరపు మీటరుకు 13కు కాస్త తక్కువ, మొత్తం సుమారు 2,570. తేడా సుమారు 350 మొక్కలు. డ్రాయింగులో ఏ పద్ధతి ఉందో చూడనివాడు మొదటి లెక్కతో ఆర్డరు పెట్టి మడి పూర్తికాకముందే ఆగిపోతాడు. మళ్లీ తెప్పిస్తే వచ్చేది వేరే దఫా సరుకు, ఎత్తు కలవదు, మడి అతుకులు వేసినట్టు కనిపిస్తుంది. చచ్చిపోయే మొక్కల కోసం ఎంత అదనంగా తీసుకోవాలో కూడా ఆర్డరుకు ముందే తేల్చుకోవాలి.

పేర్ల సంగతి ఇంకా ఖరీదైనది. నర్సరీల్లో అశోకం అని ఎక్కువగా అమ్మేది సన్నగా నిటారుగా పెరిగే నరమామిడి, శాస్త్రీయ నామం పాలియాల్థియా లాంగిఫోలియా. అసలు అశోకం సరాకా అశోకా, నారింజ ఎరుపు పూల గుత్తులతో గుబురుగా పెరిగే చెట్టు. గోడ పక్కన నిటారు వరుస కోసం ఆర్కిటెక్టు మొదటిది రాస్తే, రెండోది దింపుకుంటే, ఆ వరుస ఎన్నేళ్లకూ డ్రాయింగులో ఉన్నట్టు రాదు. ఇలాంటి జంటలు కడియంలో చాలా ఉన్నాయి. పామ్ అనీ ఫైకస్ అనీ ఒక్క మాటతో పిలిచే మొక్కల్లో రకాలు వేరు, ధరలు వేరు. ఇక్కడ పెరిగిన కుర్రాడికి ఆకు చూడగానే రకం తెలుస్తుంది. ఏది ఎండకు తట్టుకుంటుందో, ఏ సంచిలో మొక్క వేళ్లు చుట్టుకుపోయాయో చేత్తో పట్టుకుని చెప్పగలడు. కాగితం మీది పేరుకూ చేతిలోని మొక్కకూ మధ్య లంకె మాత్రం అతనికి లేదు. డిగ్రీ చదివి వచ్చినవాడిలో తరచుగా దీనికి తిరగబడిన లోటు ఉంటుంది. పేర్లు వచ్చు, లారీలోంచి దించేటప్పుడు మట్టిముద్ద పగిలితే ఏం చేయాలో రాదు. మొదటివాడి లోటును పూడ్చడానికి నాలుగేళ్లు అక్కర్లేదు. రెండు నెలల పాటు పనివేళల తరవాత నేర్పితే సరిపోయే సంగతులివి. పైగా ఇవి నేర్పడానికి కావలసిన అసలు సామగ్రి, అంటే వందల రకాల సజీవ మొక్కలు, హైదరాబాద్‌లో ఏ కోచింగు సెంటరుకూ దొరకవు, కడియంలో గట్టు దాటితే దొరుకుతాయి. ప్రకటనలో యజమాని వదులుకోలేనిది ఏది, నేర్చుకునేవాడి దగ్గర అప్పటికే ఉన్నది ఏది, ఈ రెంటి మధ్య దూరం ఎంత చిన్నదైతే చిన్న శిక్షణ వ్యాపారం అంత బాగా నిలుస్తుంది. మాటల లెక్క ఈ దూరాన్ని కొలవలేదు, ఎందుకంటే అది నేర్చుకునేవాడిని చూడనే చూడదు.

లెక్కల మీద గౌరవం ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి, ముప్పై నలభై ప్రకటనలు చూసి ఇంత నిర్ణయం తీసుకుంటారా, వేల ప్రకటనలుండగా అంటారు. రాష్ట్రమంతటికీ నైపుణ్య విధానం రాసేవాళ్లకైతే వేలు కావాలి. వేల ప్రకటనల్లోనూ ఒక వంకర ఉందని గుర్తుంచుకోవాలి. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో చూపినట్టు, ఆన్‌లైన్ ప్రకటనల్లో డిగ్రీ కావలసిన ఉద్యోగాలు ఉండవలసిన దానికంటే ఎక్కువగా కనిపిస్తాయి, తక్కువ చదువుతో చేసే పనులు చాలావరకు వాటిలోకి రావు. ఎన్ని ప్రకటనలు పోగేస్తే ఆ వంకర అంత గట్టిపడుతుందే తప్ప పోదు. ఒక బ్యాచికి పదిహేను మందిని తీసుకునే వ్యాపారానికి తెలియవలసింది ఆ పదిహేను మందికి చోటు ఉందా లేదా అని. దానికి ముప్పై వరుసల పట్టిక, ఆ తరవాత పది ఫోన్ కాల్స్ చాలు. షరతులు సడలించిన యజమానులకే ఫోను చేయాలి. మీకు ఎలాంటి మనిషి కావాలి అని అడిగితే మళ్లీ కోరికల చిట్టానే వినిపిస్తారు. డ్రాయింగు, షెడ్యూలు ఇచ్చి రెండు గంటల్లో మొక్కల లెక్క వేసి, నేల మీద సున్నంతో గుర్తులు పెట్టి చూపించే మనిషి ఉన్నాడు, డిగ్రీ లేదు, ఇంటర్వ్యూకు పిలుస్తారా అని అడగాలి. పది మందిలో ఆరేడుగురు పిలుస్తామంటే కోర్సు మొదలుపెట్టొచ్చు. ఇద్దరు ముగ్గురే అంటే ప్రకటనలు ఎన్ని చెప్పినా మొదలుపెట్టకూడదు. గది అద్దెకు తీసుకునే ముందే ఈ పని చేయాలి, తరవాత చేస్తే మనకు కావలసిన జవాబే వినిపిస్తుంది.

ఇంకొక అభ్యంతరం సర్టిఫికెట్ గురించి. ప్రభుత్వ ముద్ర లేని కాగితం ఎవరు చూస్తారు, ముందు ఏదైనా గుర్తింపు తెచ్చుకోవాలి కదా అంటారు. కొన్ని ఉద్యోగాలకు ఆ మాట నిజం. ప్రభుత్వ శాఖల పార్కుల్లో, పెద్ద కార్పొరేట్ సంస్థల్లో కాగితం లేకుండా గేటు దాటలేరు, అక్కడికి ఈ దారి చేరదు. అవి ఏవో తెలుసుకోవడానికి కూడా అదే పట్టిక చాలు. ఆరు నెలలైనా డిగ్రీ షరతు కదలని యజమానులను వదిలేయాలి. షరతు సడలించినవాడు కాగితం కోసం ఎదురుచూడటం మానేశాడు. అతనికి చూపించవలసింది చేతి పని. నిజం చెప్పాలంటే గుర్తింపు కోసం పరుగెత్తిన కేంద్రాలు చాలాసార్లు గుర్తింపు ఇచ్చే సంస్థ పాఠ్యాంశాన్నే నేర్పి, యజమాని ఆగిపోయిన ఒక్క మెట్టును ఒక పూట పాఠంగా దాటేస్తాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. డ్రాయింగ్ చదివే సూపర్‌వైజర్లు లెక్కలేనంత మంది అక్కర్లేదు. ఒక సైటుకు కూలీలు నలభై మంది ఉంటే సూపర్‌వైజరు ఒకడో ఇద్దరో. కొన్ని బ్యాచిలు బయటికి వెళ్లాక ఆ యజమానులే నోటిమాట మీద మనుషులను తెచ్చుకోవడం మొదలవుతుంది, ప్రకటనలు తగ్గుతాయి, వచ్చినవాటిలో షరతులు మళ్లీ బిగుసుకుంటాయి. డిగ్రీ తిరిగొస్తుంది, అనుభవం పెరుగుతుంది, జీతం కదలదు. పట్టికలో ఆ మార్పు కనిపించగానే కొత్త బ్యాచి ఆపి, అప్పటికి యజమానులు ఎక్కడ ఇరుక్కున్నారో చూడాలి. అది డ్రిప్ లైన్ల నిర్వహణ కావచ్చు, టైమర్లతో నడిచే నీటి వ్యవస్థ కావచ్చు. ముందే ఊహించి పాఠాలు తయారు చేసుకోనక్కర్లేదు.

చివరి అభ్యంతరం కడియం లోపలి నుంచే వస్తుంది, అన్నిటికంటే బరువైనదీ అదే. ఇప్పటికే నర్సరీల్లో పనికి మనుషులు దొరకడం లేదు, ఉన్న నలుగురు చురుకైన కుర్రాళ్లకు ఇది నేర్పి హైదరాబాద్ పంపేస్తే మా గతేమిటి అని నర్సరీ రైతులు అడగవచ్చు. ఆ భయాన్ని తోసిపుచ్చలేం. కానీ ఆ కుర్రాళ్లు ఇప్పుడు కూడా వెళ్తూనే ఉన్నారు, సెక్యూరిటీ గార్డులుగానో డెలివరీ బాయ్‌లుగానో, మొక్కలతో ఏ సంబంధమూ లేని పనుల్లోకి. సైటు మీద సూపర్‌వైజరుగా కూర్చున్నవాడు ఆర్డరు రాసే మనిషి అవుతాడు. ఏ మొక్క ఏ ఊళ్లో ఏ నర్సరీలో ఏ సైజులో దొరుకుతుందో అతనికి తెలుసు, వేళ్లు చుట్టుకుపోయిన సరుకు ఎవరు పంపుతారో కూడా తెలుసు. ఇప్పుడు ఆ ఆర్డర్లు దళారుల చేతుల మీదుగా, ఫోటోలు చూసి నడుస్తున్నాయి. కాబట్టి నర్సరీ రైతు ఈ కోర్సుకు ఫీజు కట్టి పంపడానికి కారణం ఉంది. పంపిన కుర్రాడు రెండేళ్లలో తనకే షెడ్యూలు పంపి ధర అడుగుతాడా లేదా అన్నది మొదటి బ్యాచి నుంచే లెక్క రాసిపెట్టుకోవచ్చు. ఒక్కరి నుంచీ అలాంటి ఆర్డరు రాకపోతే నర్సరీ రైతులు రెండో బ్యాచికి ఫీజు కట్టకపోవడంలో న్యాయముంది, శిక్షకుడు అప్పుడు ఫీజును నేర్చుకునేవాళ్ల నుంచో వాళ్లను తీసుకున్న యజమానుల నుంచో వసూలు చేసుకోవాలి.